మన మాటను మనమే విని దిద్దుకోవడం: వేగం, ఊతపదాలు, మింగేసే వాక్యాంతాలు

పోయిన ఏడాది ఆగస్టులో మా అక్క కూతురు ఫోన్ పట్టుకుని శ్రీకాకుళం గుజరాతీపేటలోని మా ఇంటికి వచ్చింది. 29న తెలుగు భాషా దినోత్సవం. కాలేజీలో గిడుగు రామమూర్తి గారి మీద 5 నిమిషాలు మాట్లాడాలి. ప్రసంగం కాగితం మీద సిద్ధంగానే ఉంది, కంఠతా కూడా వచ్చేసింది. "ఒక్కసారి విని చెప్పు మావయ్యా" అంది. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. పిల్లల ఉపన్యాసాలు వినీ వినీ నాకు అర్థమైంది ఏంటంటే, వినేవాళ్ళు ఎంత చెప్పినా మాట్లాడేవాళ్ళకు ఎక్కదు. "తొందరగా మాట్లాడుతున్నావు" అంటే "లేదు, మామూలుగానే మాట్లాడాను" అంటారు. అందుకే ఆ పిల్లకు నేనేమీ చెప్పలేదు. రికార్డు చేయించి, తనతోనే వినిపించాను. ఈ గైడ్‌లో ఉన్నది ఆ వారం రోజుల్లో మేమిద్దరం చేసిన పని, చేసిన వరసలోనే.

రికార్డింగ్‌లో వెతకడానికి చాలానే ఉంటాయి. మేము మూడే తీసుకున్నాం: వేగం, ఊతపదాలు, వాక్యం చివర గొంతు పడిపోవడం. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. తెలుగులో మాట్లాడేవాళ్ళకు అసలు నష్టం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఎందుకో ఆ చోటికి వచ్చినప్పుడు చెబుతాను.

రికార్డు చేయడం

ఫోన్‌లో ఉన్న మామూలు వాయిస్ రికార్డర్ చాలు. ఫోన్ చేతిలో పట్టుకోవద్దు. చెయ్యి కదిలినప్పుడల్లా నోటికీ మైకుకీ మధ్య దూరం మారిపోతుంది. అప్పుడు గొంతు తగ్గిందో, చెయ్యి దూరంగా జరిగిందో తెలియదు. నోటికి మూరెడు దూరంలో, కొంచెం పక్కకు, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. సరిగ్గా నోటికి ఎదురుగా పెడితే "ప", "ఫ" పలికినప్పుడల్లా గాలి తగిలి బుస్‌మంటుంది. ఫ్యాన్ ఆపండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నిలబడి మాట్లాడాల్సిన ప్రసంగమైతే ఇంట్లోనూ నిలబడే మాట్లాడండి. కూర్చుంటే ఊపిరి వేరుగా ఆడుతుంది.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. కొన్ని ఫోన్లలో నేపథ్య శబ్దాన్ని తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. అది ఫ్యాన్ చప్పుడుతోపాటు మెల్లగా పలికిన చివరి అక్షరాలను కూడా కొరికేస్తుంది. అలాంటిది ఉంటే ఆపేయండి. దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది ఇంకొకటి ఉంది. చాలా ఫోన్లు చిన్న గొంతును తమంతట తామే పెంచి రికార్డు చేస్తాయి. అంటే గదిలో మీ గొంతు ఎంత పడిపోయిందో రికార్డింగ్‌లో అంత పడినట్టు వినిపించదు. ఈ రెండింటి గొడవా లేకుండా ఉండాలంటే ఇంట్లో ఉన్న రెండో ఫోన్‌ను గది అవతలి మూల, పది పన్నెండు అడుగుల దూరంలో కూడా పెట్టండి. దగ్గరి ఫోన్ మీరేమన్నారో చెబుతుంది. దూరపు ఫోన్ చివరి బెంచీ వాళ్ళకు ఏం చేరిందో చెబుతుంది.

మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. తప్పు వచ్చినా, మరిచిపోయినా, కిటికీలోంచి ఆటో హారన్ మోగినా సాగిపోవాలి. తడబడినచోట ఆపి మళ్ళీ మొదలుపెడితే మనం వెతుకుతున్న వస్తువే పోతుంది. ఎదురుగా ఒక మనిషి ఉంటే మేలు. గోడకు చెప్పే మాట వేరు, మనిషికి చెప్పే మాట వేరు. మా పిల్ల ఎదురుగా మా అమ్మ కూర్చుంది. ఫైలుకు వెంటనే పేరు పెట్టండి: `gidugu_1`, తర్వాతది `gidugu_2`. లేకపోతే వారం తర్వాత ఏది ముందో ఏది వెనకో తెలియని పది ఫైళ్ళు మిగులుతాయి.

మొదటిసారి వినడం

వెంటనే వినకండి, కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. అప్పుడే మాట్లాడి ఉంటే చెప్పాలనుకున్నది మనసులో ఇంకా మోగుతూ ఉంటుంది. చెవికి అదే వినబడుతుంది తప్ప చెప్పినది వినబడదు.

మొదటిసారి పెన్ను పట్టుకోకుండా వినండి. మా పిల్ల పది సెకన్లకే చెవులు మూసుకుంది. "ఇది నా గొంతేనా మావయ్యా? ఇలాగుందేటి?" అంది. అందరికీ అలాగే ఉంటుంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాదు, తల ఎముకల్లోంచి కూడా మన చెవికి చేరుతుంది. అందుకే మనకు అది కాస్త బరువుగా, నిండుగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో ఆ ఎముకల వాటా ఉండదు కాబట్టి పలచగా అనిపిస్తుంది. మిగతావాళ్ళకు రోజూ వినిపించే మన గొంతు అదే. ఈ ఇబ్బంది రెండు మూడుసార్లు వింటే పోతుంది. అది పోయేదాకా ఏ తప్పూ రాసుకోకండి. అప్పుడు రాసినవన్నీ గొంతు మీద చిరాకే అవుతాయి.

ఇంకో చిరాకు యాస మీద ఉంటుంది. "ఏటి", "ఏటంటే" అని రావడం గానీ, మన శ్రీకాకుళం వైపు మాటలో వినిపించే సాగు గానీ ఇక్కడ తప్పుల పట్టీలోకి రాకూడదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా వాదించిన మనిషి గురించి మాట్లాడుతూ మన యాసను దాచుకోవడం బాగోదు కూడా. యాస వల్ల వినేవాడికి మాట అందకుండా పోదు. అందకుండా చేసేవి వేరే ఉన్నాయి.

వేగం

ఉపన్యాసం నిమిషానికి ఇన్ని పదాలు ఉండాలని ఇంగ్లీషు పుస్తకాల్లో అంకెలు కనిపిస్తాయి. వాటిని తెలుగుకు వాడితే లెక్క తప్పుతుంది. ఇంగ్లీషులో నాలుగైదు పదాలు పట్టే సంగతి మనకు "వెళ్ళిపోతున్నాడనుకున్నాను" అనే ఒక్క పదంలో ఇమిడిపోతుంది. పదాలు లెక్కపెడితే తెలుగువాళ్ళందరూ నత్తనడక వాళ్ళే అవుతారు. అందుకని అక్షరాలు లెక్కపెట్టాలి. ఒత్తు ఉన్నా గుణింతం ఉన్నా సున్నా ఉన్నా ఒక అక్షరం ఒకటే. "శ్రీకాకుళం" నాలుగు, "వ్యావహారిక" ఐదు.

ప్రసంగం మొత్తం రాయనక్కర్లేదు. మూడు ముక్కలు తీసుకోండి: మొదటి 30 సెకన్లు, నడుమ ఒక 30 సెకన్లు, చివరి 30 సెకన్లు. వాటిలో పలికినది పలికినట్టే కాగితం మీద రాయండి. "ఆ…" అని ఉంటే "ఆ…" అనే రాయాలి. తర్వాత అక్షరాలు లెక్కపెట్టండి. కొంచెం విసుగు పనే, అరగంట పడుతుంది.

మా పిల్ల లెక్క ఇలా వచ్చింది. మొదటి అర నిమిషంలో 205 అక్షరాలు, అంటే సెకనుకు దాదాపు 7. నడుమ అర నిమిషంలో 138, అంటే సెకనుకు నాలుగున్నర పైచిలుకు. చివరి అర నిమిషంలో 212. మొత్తం ప్రసంగం 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోయింది.

ఆ నడుమ ముక్కలో ఏముందో చూశాం. గిడుగు గారు సవరల భాష నేర్చుకోడానికి కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకున్నారని, దానికి వేసుకున్న క్వినైన్ వల్ల చెవుడు వచ్చిందని చెప్పే కథ అది. ఆ ఒక్క భాగాన్ని ఆమె కాగితం చూసి బట్టీ పట్టలేదు. నేను ఎప్పుడో చెబితే విని, తన మాటల్లో చెప్పింది. మొదలూ చివరా మాత్రం ఎక్కడినుంచో రాసుకున్న గ్రాంథికం: "మహనీయుడైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషోద్యమ పితామహులుగా సుప్రసిద్ధులు…" ఇలాంటివి నోటికి వచ్చినవి కావు, బట్టీ పట్టినవి. బట్టీ పట్టిన మాటకు తనదైన పరుగు ఉంటుంది. ఆపితే మరిచిపోతామన్న భయం దాన్ని తోస్తూ ఉంటుంది. వాడుక భాష కోసం పోరాడిన మనిషిని గ్రాంథికంలో బట్టీ పట్టి పొగడడం చూసి నాకు నవ్వొచ్చింది గానీ పైకి నవ్వలేదు.

అంటే ఆమె వేగానికి కొలబద్ద బయట ఎక్కడో లేదు, ఆ రికార్డింగ్‌లోనే ఉంది. మీకూ అంతే. మూడు ముక్కల్లో ఏది వింటుంటే మనిషి మాట్లాడుతున్నట్టు ఉందో దాని లెక్కే మీ వేగం. మిగతావి దానికి దగ్గరగా రావాలి. సమయం కూడా దీనితోనే తేలుతుంది. ఆమె ప్రసంగం మొత్తం దాదాపు 1350 అక్షరాలు. కథ చెప్పిన వేగంతో అదే ప్రసంగం చెబితే 4 నిమిషాల 50 సెకన్లు దాటుతుంది. కాలేజీ వాళ్ళు ఇచ్చింది 5 నిమిషాలు. ఆ లెక్క చూసేదాకా ఆమె "సమయం మిగిలిపోతోంది, ఇంకో పేరా రాయాలి" అనుకుంటూ ఉంది.

"నెమ్మదిగా మాట్లాడు" అన్న సలహా మాత్రం ఎవరికీ పనిచేయదు. అలా చెబితే జనం పదాలను సాగదీస్తారు, వాక్యాల మధ్య మాత్రం ఆగరు. వేగం తగ్గాల్సింది పదంలో కాదు, వాక్యం అయిపోయాక వచ్చే ఖాళీలో. రాసుకున్న ముక్కను మళ్ళీ వింటూ, ఆగిన ప్రతిచోటా ఒక నిలువు గీత పెట్టండి. ఆమె మొదటి అర నిమిషంలో గీతలు రెండే పడ్డాయి. రెండూ వాక్యం చివర కాదు, మధ్యలో ఊపిరి అందక పడ్డవి. "ఆయన పర్లాకిమిడిలో | ఉపాధ్యాయుడిగా" అని ఒకటి. ఫుల్‌స్టాప్ దగ్గర ఆగకపోతే ఊపిరి తనకు తోచినచోట ఆపుతుందని అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి మేము చేసింది రెండు పనులు. మొదటి పేరా, చివరి పేరా చించేసి, అమ్మమ్మకు చెప్పినట్టు మళ్ళీ రాయించాను. "గిడుగు రామమూర్తి గారు మన ఊరి పక్కవాళ్ళే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు." రెండోది, ప్రతి వాక్యం అయ్యాక ఎదురుగా కూర్చున్న మా అమ్మ తల ఊపేదాకా తర్వాతి వాక్యం మొదలుపెట్టకూడదని షరతు. మా అమ్మ ఒక్కోసారి కావాలనే ఆలస్యం చేసింది.

ఊతపదాలు

ముందు మీ పట్టీ తయారు చేసుకోండి. తెలుగులో మామూలుగా దొరికేవి: అంటే, అదే, ఏంటంటే, మరి, కదా, అన్నమాట, ఇప్పుడు, సో, యాక్చువల్‌గా, బేసిక్‌గా. ఇవి కాక "ఆ…", "మ్…" ఉంటాయి. ప్రతి "అంటే"నూ ఊతపదంగా లెక్కపెట్టకండి. "వ్యావహారికం అంటే మనం మాట్లాడే భాష" అన్నప్పుడు "అంటే"కి పని ఉంది. తీసేసి చూడండి. వాక్యం చెక్కుచెదరకపోతే అది ఊతపదం. మా పిల్ల ప్రసంగంలో "అంటే" తొమ్మిదిసార్లు వస్తే మూడింటికి పని ఉంది, ఆరు ఉత్తవి.

అయితే తెలుగులో ఊతపదం కన్నా బాగా దాక్కునేది ఒకటుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకని తర్వాత ఏం చెప్పాలో తోచనప్పుడు వేరే పదం వెతుక్కోనక్కర్లేదు, ఉన్న పదం చివరి అచ్చునే లాగితే సరిపోతుంది: "పర్లాకిమిడిలోఓఓ… ఆయనాఆ… సవర భాషనీఈఈ…". చెప్పేవాళ్ళకు ఇది అసలు తెలియదు, తాము ఊతపదాలు వాడలేదనే అనుకుంటారు. వినేవాళ్ళకు మాత్రం బండి ఎత్తు ఎక్కుతున్నట్టు ఉంటుంది. దీన్ని యాసలోని సాగుతో కలపకండి. యాస సాగు ప్రతి వాక్యంలోనూ ఒకే తీరుగా ఉంటుంది, దాని వెనక తడబాటు ఉండదు. ఇది మాత్రం కొత్త విషయం మొదలయ్యే ముందే వస్తుంది, దాని వెనక చిన్న ఖాళీ కూడా ఉంటుంది.

లెక్కపెట్టడానికి కాగితం చాలు. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. రికార్డింగ్‌ను అందులో తెరిచి, ప్లే అవుతుండగా ఊతపదం వినబడ్డ చోటల్లా `Ctrl+M` నొక్కితే ఆ సెకను దగ్గర గుర్తు పడుతుంది. పక్కన ఒక అక్షరం టైప్ చేసి `Enter` కొడితే చాలు. ఊతపదానికి `u`, సాగిన అచ్చుకు `s`, మింగేసిన చివరకు `c` అని మేము పెట్టుకున్నాం. ఫోన్ రికార్డింగులు చాలావరకు `.m4a` ఫైళ్ళుగా ఉంటాయి. వాటిని తెరవడానికి ఆడాసిటీకి `FFmpeg` అనే అదనపు ముక్క కావాలి. రికార్డర్ సెట్టింగుల్లో `WAV` ఉంటే ముందే అది ఎంచుకోండి, ఆ పని తప్పుతుంది.

మా లెక్కలో మొత్తం 17 వచ్చాయి: ఉత్త "అంటే"లు 6, "ఆ…"లు 4, సాగిన అచ్చులు 7. చాలామంది ఇక్కడ ఆగి, "ఇకనుంచి అంటే అనకూడదు" అని తీర్మానించుకుంటారు. మేమూ మొదట ఆ తప్పే చేశాం. రెండో రికార్డింగ్‌లో "అంటే"లు రెండుకు తగ్గాయి. వాటి స్థానంలో, మొదటిసారి ఒక్కటీ లేని "కదా"లు ఐదు పుట్టుకొచ్చాయి. పదాన్ని తరిమితే దాని చుట్టం వస్తుంది. అందుకే ఏ పదం అన్నది వదిలేసి, ఎక్కడ అన్నది చూడాలి.

ఆ 17నూ చోటును బట్టి విడదీశాం. ఒక విషయం అయిపోయి ఇంకో విషయం మొదలయ్యేచోట 8 ఉన్నాయి. ఊరి పేరుకో సంవత్సరానికో ముందు 6 ఉన్నాయి. పొడుగు వాక్యం మధ్యలో 3 ఉన్నాయి. మూడింటికీ మందు వేరు.

విషయం మారేచోట వచ్చేవాటికి కారణం, తర్వాతి పేరా మొదటి మాట నోటి దగ్గర లేకపోవడం. పేరా మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. ప్రతి పేరా మొదటి నాలుగు మాటలు చిన్న కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, వాటిని మాత్రమే వరసగా పది సార్లు చెప్పుకోవాలి. "కొండల మీద సవరలు ఉండేవారు…", "1936లో ఒడిశా ఏర్పడింది…", ఇలా అతుకుల సాధన చేస్తే చాలు, మిగతా వాక్యాలు వాటంతటవే వస్తాయి.

అంకెల ముందు వచ్చేవాటికి అంకెను గట్టిగా చదవడమే మందు. కాగితం మీద "1863" అని ఉంటుంది. కళ్ళు అంకెను చూసినా నోటికి "పద్దెనిమిది వందల అరవై మూడు" తయారవడానికి సమయం పడుతుంది. ఆ సందులో "ఆ…" దూరుతుంది. కార్డు మీద అంకెలను అక్షరాలలో రాయమన్నాను. చెప్పాల్సిన సంవత్సరాలు ఐదు ఉంటే రెండింటిని కొట్టేయించాను కూడా. వినేవాళ్ళకు ఐదు సంవత్సరాలు గుర్తుండవు.

పొడుగు వాక్యం సంగతి తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. "వెళ్ళి, నేర్చుకుని, రాసి, అచ్చు వేయించి, పంచి…" అంటూ పోతే క్రియ వచ్చేసరికి కర్త ఎవరో మరిచిపోతాం. రెండు "ఇ"లు దాటితే వాక్యం విరిచేయండి.

వాక్యం చివర

ఇంగ్లీషు వాక్యంలో "did not" నడుమనే వచ్చేస్తుంది. చివర గొంతు పడిపోయినా జరిగిందో లేదో వినేవాడికి అప్పటికే తెలిసి ఉంటుంది. తెలుగులో అలా కాదు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, అసలు చేశారా లేదా అన్నదంతా చివరి క్రియలోనే ఉంటుంది. అవునో కాదో కూడా అక్కడే తేలుతుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికే ఊపిరి అయిపోతుంది.

మా పిల్ల ప్రసంగంలో ఒక వాక్యం ఉంది: "ఆ రోజుల్లో సవర పిల్లలకు వాళ్ళ భాషలో చదువుకోడానికి పుస్తకాలు లేవు." గిడుగు గారు సవర భాష మీద చేసిన పని అంతటికీ మూలం ఈ వాక్యమే. దాని బలం మొత్తం "లేవు" అన్న రెండు అక్షరాల్లో ఉంది. దూరపు ఫోన్ రికార్డింగ్‌లో మాకు వినిపించింది "పుస్తకాలు ల్…" అని. ఉన్నాయో లేవో చివరి బెంచీ వాడు ఊహించుకోవాలి.

దీన్ని మీ చెవితో మీరు పట్టుకోలేరు. వాక్యం మీదే కాబట్టి, వినిపించకపోయినా మనసు "లేవు" అని పూరించేస్తుంది. అందుకే ఈ పరీక్షకు ఇంకొక మనిషి కావాలి. ప్రసంగం ముందు వినని మనిషి అయితే మంచిది. దూరపు ఫోన్ రికార్డింగ్‌ను తక్కువ సౌండ్‌లో పెట్టి, వాక్యం వాక్యానికీ ఆపుతూ, ఆ వాక్యంలోని చివరి క్రియను మాత్రం రాయమనండి. అంతే, మిగతాది రాయక్కర్లేదు. మా ఆవిడ రాసింది. 34 వాక్యాల్లో 23 క్రియలు సరిగ్గా వచ్చాయి, 11 పోయాయి: 10 ఖాళీలు, ఒకటి తప్పు. ఒకచోట "ఒప్పుకున్నారు" అని రాసింది. పిల్ల అన్నది "ఒప్పుకోలేదు". మూడున్నర నిమిషాల ప్రసంగంలో ఒక వాక్యం తలకిందులుగా చేరిందన్నమాట. (ఇప్పుడు నేను రాసిన ఈ "అన్నమాట" కూడా ఊతపదమే, ఉంచేస్తున్నాను.)

చివర ఎందుకు పడిపోతోందో ఆడియోలో తెలియదు. దానికి వీడియో తీయాలి. ఫోన్‌ను నడుము పైభాగం కనబడేలా నిలబెట్టి తీశాం. సౌండ్ లేకుండా చూస్తే చాలు. పోయిన 11 వాక్యాల్లో 7 చోట్ల ఒకటే దృశ్యం. క్రియ ఇంకా నోట్లో ఉండగానే కళ్ళు కాగితం మీదికి, తర్వాతి లైనుకు దిగిపోతున్నాయి. తల వంగితే గొంతు గుండెల వైపు పోతుంది, హాలు వైపు పోదు. మిగతా నాలుగూ ఊపిరి చాలని పొడుగు వాక్యాలు. వాటిని ఎలాగూ విరుస్తున్నాం.

ఆ ఏడింటికి ఒకటే నియమం పెట్టాం: క్రియ పలికేటప్పుడు కళ్ళు మనుషుల మీద ఉండాలి, పలికాకే కాగితం మీదికి రావాలి. సాధన కోసం కాగితంలోని క్రియలన్నిటికీ ఎర్ర పెన్నుతో గీత గీయించాను. మొదటిరోజు అతిగా చేసింది. ప్రతి క్రియనూ ఒత్తి, "లే-వు!" అని దెబ్బలాడుతున్నట్టు పలికింది. అది కూడా రికార్డింగ్‌లోనే తెలిసింది. క్రియను పెంచక్కర్లేదు, ముందు మాట ఏ ఎత్తులో ఉందో ఆ ఎత్తులోనే ఉంచితే చాలు.

ప్రసంగం చివర కూడా వాక్యం చివర లాంటిదే. ఆమె మొదటి రికార్డింగ్ ఇలా ముగిసింది: "…ఇంతటితో ముగిస్తూ నాకీ అవకాశమిచ్చిన పెద్దలకు ధన్యవాదాలు అంతే మావయ్యా." చివరి అర నిమిషంలో 212 అక్షరాలు పట్టింది ఈ ధన్యవాదాల పరుగు వల్లే. చివరి వాక్యం ఏదో ముందే తేల్చుకుని, దాన్ని ఒక్కదాన్ని మాత్రం నోటికి నేర్చుకోవాలి. ఆమె ఎంచుకున్నది: "1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే, ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు." తర్వాత మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి, "నమస్కారం." ధన్యవాదాలు మొదట్లోనే చెప్పేసింది.

మళ్ళీ రికార్డు, ఎప్పటిదాకా

ఒక్కో రికార్డింగ్‌కు ఒక్క పనే పెట్టుకోండి. రెండోసారి వేగం, మూడోసారి అతుకులు, నాలుగోసారి క్రియలు. అన్నీ ఒకేసారి గుర్తుపెట్టుకుని మాట్లాడితే మాట కర్రలా బిగుసుకుపోతుంది. ప్రతిసారీ అవే మూడు ముక్కలు లెక్కపెట్టి, మొదటి లెక్క పక్కనే రాయండి. మా నాలుగో రికార్డింగ్‌లో మొదటి అర నిమిషం 156 అక్షరాలకు వచ్చింది, ఊతపదాలు 7కు తగ్గాయి, క్రియల పరీక్షలో మూడు పోయాయి. ఆ మూడూ పరీక్ష రాసేవాళ్ళు మారితే మారాయి కాబట్టి వదిలేశాం. ఏడు ఊతపదాలను సున్నా చేయాలని కూడా చూడలేదు. ఒక్క తడబాటూ లేని మాట వింటుంటే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ గుర్తొస్తుంది.

నాలుగైదు రికార్డింగుల తర్వాత ఇంకా చేస్తే నా అనుభవంలో లాభం లేదు. ప్రసంగం ముందురోజు రాత్రి అసలు వినకూడదు. అప్పుడు దొరికే తప్పును దిద్దుకునే సమయం ఉండదు, టెన్షన్ మాత్రం మిగులుతుంది. ఇంట్లో రికార్డింగ్ హాల్లో మైకు ముందు ఏం జరుగుతుందో చెప్పదని కూడా గుర్తుంచుకోవాలి. నత్తి ఉన్నవాళ్ళకు ఈ లెక్కలు పనికిరావు. అచ్చు సాగడం, మాట ఆగడం వాళ్ళలో వేరే కారణంతో వస్తాయి. వాళ్ళు స్పీచ్ థెరపిస్టును కలవాలి.

వీలైతే అసలు ప్రసంగాన్ని కూడా రికార్డు చేయండి, నిర్వాహకులను అడిగి. 29న మా పిల్ల స్నేహితురాలు మూడో వరసలో కూర్చుని రికార్డు చేసింది. మర్నాడు విన్నాం. ప్రసంగం 4 నిమిషాల 35 సెకన్లు. ఊతపదాలు 9. "లేవు" స్పష్టంగా వినిపించింది. అయితే ఇంట్లో ఎన్నడూ లేని కొత్తది ఒకటి దొరికింది. చెవుడు కథ దగ్గర హాల్లో చప్పట్లు కొట్టారు. అవి ఆగకముందే ఆమె తర్వాతి వాక్యం మొదలుపెట్టేసింది. ఆ వాక్యం చప్పట్లలో కొట్టుకుపోయింది. ఎర్ర పెన్ను తీసుకుని కార్డు మీద ఆ చోట తనే రాసుకుంది: "ఆగు."